కిలో చేపకు ధర కట్టడం ఎలా? కోతలో పోయే తరుగు, సాయంత్రానికి మిగిలే సరుకు

తెలుగు రాష్ట్రాల్లో కోడిమాంసం దుకాణం ముందు పలక మీద సాధారణంగా మూడు ధరలు కనిపిస్తాయి: లైవ్, విత్‌స్కిన్, స్కిన్‌లెస్. ప్రాణంతో ఉన్న కోడికి ఒక ధర, ఈకలు, పేగులు తీసిన కోడికి ఒక ధర, చర్మం కూడా తీసిన మాంసానికి మరొక ధర. అదే వీధిలోని చేపల దుకాణంలో చాలాచోట్ల ఒక్క అంకే ఉంటుంది. ఆ ధర నిండు చేపకా, శుభ్రం చేసిన చేపకా అన్న సంగతి అడిగితే తప్ప తెలియదు.

ఇందుకు కారణం అమ్మకందారుల నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఒకే వయసుకు పెంచిన ఫారం కోళ్లలో తరుగు రోజురోజుకూ పెద్దగా మారదు. అమ్ముడుపోని కోడి మరునాటికి కూడా ప్రాణంతోనే ఉంటుంది. చేపల విషయంలో ఈ రెండు సౌకర్యాలూ లేవు. చేప జాతిని బట్టి, పరిమాణాన్ని బట్టి, కాలాన్ని బట్టి కోతలో పోయే భాగం మారుతుంది. ఐసు మీద ఉన్న చేప సాయంత్రానికి విలువ కోల్పోతుంది. అందువల్ల చిన్న దుకాణదారు ఉదయం పలక మీద రాసే అంకెలో రెండు తెలియని లెక్కలు దాగి ఉంటాయి. వాటిని ఒకే నష్టంగా భావించి, ఒకే శాతంగా ధరకు కలిపేయడం ఈ వ్యాపారంలో తరచుగా జరిగే పొరపాటు. కోత తరుగు తూచి తెలుసుకోదగినది. మిగులు మాత్రం ఎంత సరుకు కొన్నారన్న నిర్ణయం మీద ఆధారపడినది. రెండింటినీ విడదీస్తేనే ధర నిలుస్తుంది.

తరుగును ముందుగా తూచాలి

చేపను శుభ్రం చేయడం అంటే అందరికీ ఒకే అర్థం లేదు. పొలుసు గీకి, మొప్పలు, పేగులు, రెక్కలు తీసి, తలతో సహా ముక్కలు చేసి ఇవ్వడం తెలుగువారి ఇళ్లకు ఎక్కువగా కావలసిన పద్ధతి. పులుసులో తలకాయ ఉండాలని కోరేవారు ఎక్కువ. తల వద్దనేవారు, ముల్లు లేని ముక్కలే కావాలనేవారు పట్టణాల్లో పెరుగుతున్నారు. ఈ మూడింటికీ తరుగు వేర్వేరుగా ఉంటుంది కాబట్టి, ముందుగా ఏ పద్ధతికి ధర కడుతున్నారో తేల్చుకోవాలి.

ఆ తర్వాత చేయవలసిన పని సులువైనది. ఒకే జాతికి చెందిన, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్న ఐదారు చేపలను నీరు ఓడ్చి తూచాలి. శుభ్రం చేసిన తర్వాత అవే చేపలను మళ్లీ తూచాలి. ఉదాహరణకు ఐదు శీలావతి చేపలు కోతకు ముందు 8 కిలోలు, తలతో సహా శుభ్రం చేశాక 6.56 కిలోలు తూగాయని అనుకుందాం. 6.56ను 8తో భాగిస్తే 0.82 వస్తుంది. అంటే నూటికి 82 పాళ్లు చేతికి వస్తున్నాయి, 18 పాళ్లు చెత్తబుట్టలోకి పోతున్నాయి. తల కూడా తీసేస్తే మరో 20 పాళ్లు తగ్గి 62 మిగిలాయనుకుందాం. బొచ్చెకు తల పెద్దది కాబట్టి తల లేకుండా అమ్మినప్పుడు దాని తరుగు శీలావతి కంటే ఎక్కువగా ఉంటుంది. శీలావతి మీద తీసిన లెక్కను బొచ్చెకు వాడకూడదన్నది అనుభవం ఉన్నవారికి తెలిసిన విషయమే. అయినా దుకాణాల్లో రెండింటికీ ఒకే ధర కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. నిండు చేప కిలో 220 రూపాయలకు అమ్మితే గిట్టుబాటు అవుతుందనుకుందాం. తరుగు 18 శాతం కాబట్టి 220కి 18 శాతం కలిపితే చాలునని పలువురు భావిస్తారు. అలా కలిపితే దాదాపు 260 వస్తుంది. కానీ 220 రూపాయలు రాబట్టవలసినది కిలో నుంచి కాదు, చేతికి మిగిలిన 820 గ్రాముల నుంచి. కాబట్టి 220ని 0.82తో భాగించాలి. అప్పుడు 268 వస్తుంది. తేడా ఎనిమిది రూపాయలే కదా అనిపించవచ్చు. తల తీసిన చేపకు ఇదే తప్పు చేస్తే తేడా చాలా పెద్దదవుతుంది. 220కి 38 శాతం కలిపితే 304 వస్తుంది, 0.62తో భాగిస్తే 355 వస్తుంది. తరుగు పెరిగేకొద్దీ కలిపే లెక్కకూ భాగించే లెక్కకూ మధ్య అంతరం అంతకంతకూ పెరుగుతుంది.

అయితే తీసిన తల ఊరికే పోదు. దాన్ని విడిగా కిలో 150 రూపాయలకు అమ్మగలిగితే, కిలో నిండు చేపలోని 200 గ్రాముల తల 30 రూపాయలు తెస్తుంది. అప్పుడు ముక్కల నుంచి రావలసినది 190 రూపాయలే. దాన్ని 0.62తో భాగిస్తే కిలో ముక్కల ధర 306 రూపాయల దగ్గర ఆగుతుంది. తలకాయకు గిరాకీ ఉన్న ఊళ్లో ముక్కల ధర తక్కువగా ఉండడానికి, ఆ గిరాకీ లేని చోట ఎక్కువగా ఉండడానికి ఇది ఒక కారణం.

రొయ్యల్లో ఈ వ్యత్యాసం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకు తల తీస్తే మూడో వంతుకు పైగా బరువు పోతుంది. మంచినీటి పెద్ద రొయ్యకు తలే దాదాపు సగం బరువు. పెంకు కూడా ఒలిస్తే ఆ తరుగు వేరు. అందుకే తలతో ఉన్న రొయ్యల ధరను ఒలిచిన రొయ్యల ధరతో పోల్చి, రెండోవారు దోచుకుంటున్నారని అనుకోవడం సరికాదు. చాలాసార్లు రెండు ధరలూ ఒకే సరుకు విలువను చెబుతుంటాయి.

ఒక దుకాణం, ఒక రోజు లెక్క

పూర్తి లెక్క ఎలా సాగుతుందో ఒక ఊహాత్మక దుకాణం ద్వారా చూడవచ్చు. కొల్లేరు పరిసరాల చెరువుల నుంచి వచ్చిన శీలావతిని దుకాణదారు టోకు మార్కెట్లో కిలో 150 రూపాయల చొప్పున 40 కిలోలు కొన్నారు. సరుకు ఖర్చు 6,000 రూపాయలు. రవాణా, ఐసు, కోసే వ్యక్తి కూలి, అద్దె, కరెంటు కలిపి ఆ రోజుకు 1,200 రూపాయలు. దుకాణదారు తన శ్రమకు రోజుకు 800 రూపాయలైనా మిగలాలని కోరుకుంటున్నారు. మొత్తం 8,000 రూపాయలు వెనక్కి రావాలి.

కొన్న 40 కిలోలూ అమ్మకానికి రావు. పెట్టెల్లో కరిగిన ఐసు నీరు ఓడిపోగా దుకాణం కాటా మీద 39.2 కిలోలే తూగింది. టోకు మార్కెట్లోనే నీరు ఓడ్చి తూయించుకోవడం ఇందుకు మంచి మందు. కానీ తెల్లవారుజామున ఆ రద్దీలో అది ప్రతిరోజూ సాధ్యం కాదు. ఈ నష్టాన్ని కోత తరుగులో కలపకుండా విడిగా రాసుకుంటే, ఏ టోకు వర్తకుని దగ్గర నీరు ఎక్కువగా పోతున్నదో కొద్ది వారాల్లోనే బయటపడుతుంది.

ఈ 39.2 కిలోల్లో సగటున 35 కిలోలు మామూలు ధరకు అమ్ముడవుతాయి. మిగిలిన 4.2 కిలోలను రాత్రి భోజన హోటళ్లకు కిలో 80 రూపాయల చొప్పున ఇచ్చేస్తే 336 రూపాయలు వస్తాయి. 8,000 నుంచి దాన్ని తీసివేస్తే 7,664 రూపాయలు ఆ 35 కిలోల నుంచే రాబట్టాలి. భాగిస్తే నిండు చేప కిలో 219 రూపాయలు. పలక మీద 220 అని రాయవచ్చు. శుభ్రం చేస్తే 35 కిలోలు 28.7 కిలోలు అవుతాయి కాబట్టి శుభ్రం చేసిన చేప కిలో 267 రూపాయలు, అంటే గుండుగుత్తగా 270 రూపాయలు.

తరుగును భాగించకుండా కలిపి 260 రూపాయలకే అమ్మినట్లయితే, 268 రావలసిన చోట కిలోకు ఎనిమిది రూపాయలకు పైగా తగ్గింది. 28.7 కిలోల మీద అది దాదాపు 240 రూపాయలు. దుకాణదారు తన శ్రమకు ఆశించిన 800లో మూడో వంతు దాకా ఇలా కనిపించకుండా పోతుంది. గిరాకీ బాగానే ఉంది, డబ్బు మాత్రం నిలవడం లేదు అనే దుకాణాల్లో ముందుగా చూడవలసిన చోటు ఇదే.

మరొక విషయం ఈ లెక్కలోనే దాగి ఉంది. టోకు ధర ఒక రోజు 150 నుంచి 160కి పెరిగిందనుకుందాం. శుభ్రం చేసిన చేపకు ఎంత పెంచాలి? పది రూపాయలని చెప్పేవారే ఎక్కువ. కానీ పెరిగిన పది రూపాయలు కొన్న 40 కిలోలకూ వర్తిస్తాయి, వాటిని 28.7 కిలోల అమ్మకం మోయాలి. 400ను 28.7తో భాగిస్తే దాదాపు 14 వస్తుంది. టోకు ధర తగ్గినప్పుడూ అదే 14 రూపాయలు తగ్గించడం న్యాయం. పెరిగినప్పుడు 14 చేర్చి, తగ్గినప్పుడు పదితో సరిపెట్టే దుకాణాన్ని పాత ఖాతాదారులు త్వరగానే గుర్తుపడతారు.

మిగులును నిన్నటి నష్టంతో కొలవరాదు

వాన పడిన రోజున ఇదే దుకాణంలో 12 కిలోలు మిగిలాయనుకుందాం. ఆ రోజు లెక్కను అలాగే మరునాటి ధరలోకి తెస్తే, శుభ్రం చేసిన చేప 315 రూపాయలు దాటుతుంది. 270కి అలవాటుపడిన ఇంటివారు పక్క దుకాణానికి వెళతారు. ఆ రోజు మిగులు ఇంకా పెరుగుతుంది, ధర మళ్లీ పెంచవలసి వస్తుంది. నిన్నటి నష్టాన్ని ఇవాళ వచ్చిన ఖాతాదారుల మీద వేయడం ఇలాంటి చిక్కుకే దారి తీస్తుంది.

ధరలోకి రావలసినది కొన్ని వారాల సగటు మిగులు. ఆ సగటు తీయడంలో కూడా జాగ్రత్త అవసరం. ఆదివారం 100 కిలోలు తెస్తే 5 కిలోలు మిగిలాయి, అంటే 5 శాతం. సోమవారం 20 కిలోలు తెస్తే మళ్లీ 5 కిలోలే మిగిలాయి, అది 25 శాతం. రెండు శాతాలను కలిపి సగం చేస్తే 15 వస్తుంది. నిజానికి 120 కిలోల్లో మిగిలినవి 10 కిలోలు, అంటే 8 శాతం పైచిలుకు మాత్రమే. రోజువారీ శాతాలను సగటు చేయకుండా, మొత్తం కిలోలను మొత్తం కిలోలతో భాగించాలి. ఈ చిన్న పొరపాటుతో ధరను అనవసరంగా పెంచుకుని గిరాకీ పోగొట్టుకునే అవకాశం ఉంది.

వారంలో రోజులన్నీ సమానం కావు. సోమ, గురు, శనివారాల్లో నీచు తినని కుటుంబాలు చాలా ఉన్నాయి. కార్తీక మాసంలో అమ్మకాలు పడిపోతాయి. జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె ప్రవేశించిన రోజున తెలంగాణలో చేప తినడం ఆచారం కాబట్టి హైదరాబాద్ ముషీరాబాద్, రామ్‌నగర్ మార్కెట్లలో ఉదయం నుంచే కిక్కిరిసిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ కాలంలో సముద్రపు చేప తగ్గి చెరువు చేపకు గిరాకీ మళ్లుతుంది. కాబట్టి ఆదివారాన్ని గత ఆదివారాలతోనూ, సోమవారాన్ని గత సోమవారాలతోనూ పోల్చాలి. పండుగలను, మృగశిర వంటి రోజులను సగటులో కలపకూడదు.

అసలు మిగులును తగ్గించే మార్గం ధరలో లేదు, కొనుగోలులో ఉంది. పై దుకాణంలో అదనంగా ఒక కిలో తెచ్చి అమ్మగలిగితే 220 మీద 150 పోను 70 రూపాయలు లాభం. అది అమ్ముడుపోక 80కి ఇచ్చేస్తే 70 రూపాయలు నష్టం. లాభనష్టాలు సమానంగా ఉన్నాయి కాబట్టి, సరుకు పూర్తిగా అయిపోయే రోజులు, మిగిలే రోజులు దాదాపు సగం సగం ఉండేలా కొనడం ఈ దుకాణానికి తగిన పద్ధతి. మిగిలిన చేపను కొనేవారే లేక పారేయవలసి వస్తే కిలోకు 150 నష్టం. అప్పుడు మూడు రోజుల్లో రెండు రోజులు సరుకు ముందుగానే అయిపోయేలా తక్కువగా తేవాలి. ఖాతాదారు చేప లేదని తిరిగి వెళ్లడం ఏ దుకాణదారుకైనా బాధ కలిగిస్తుంది. అయినా ఎప్పుడూ నిండుగా కనిపించే చేపల బల్ల వెనుక ఆ మిగులు ఖర్చును ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉంటారు.

సాయంత్రం తగ్గింపు లెక్క వేరు. అప్పటికి ఆ చేపకు పెట్టిన 150 రూపాయలు తిరిగి రాని ఖర్చు. రాత్రికి హోటలువారు ఇచ్చే 80 రూపాయల కంటే ఎక్కువ ఎంత వచ్చినా దుకాణదారుకు మేలే. కానీ ప్రతిరోజూ ఆరు గంటలకు ధర తగ్గుతుందని తెలిస్తే ఉదయం కొనేవారు సాయంత్రానికి మారతారు. అందుకే కొందరు రోజూ తగ్గించకుండా, మిగులు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే తగ్గిస్తారు. మిగిలే అవకాశం ఉన్న చేపను ముందుగా కోసి పెట్టకపోవడం కూడా ముఖ్యం. ముక్కలు చేసిన చేప నిండు చేప కంటే త్వరగా చెడుతుంది, నీరు కారి బరువు తగ్గుతుంది, హోటలువారు కూడా దానికి తక్కువే ఇస్తారు.

నిన్నటి చేపను ఇవాళ్టి చేపలో కలిపి ఒకే ధరకు అమ్మడం మిగులు సమస్యకు కొందరు వెతుక్కునే దొంగదారి. మొప్పలు ఎరుపు వదిలి గోధుమరంగుకు తిరగడం, కళ్లు లోపలికి పోయి మసకబారడం, వేలితో నొక్కిన గుంట పూడకపోవడం దాన్ని పట్టిస్తాయి. ఇంకా ప్రమాదకరమైనది రసాయనాలతో నిల్వ చేయడం. 2018లో కేరళ, అస్సాం రాష్ట్రాల్లో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన చేపల్లో ఫార్మలిన్ ఉన్నట్లు పరీక్షల్లో తేలడంతో పెద్ద వివాదం చెలరేగింది. ఆంధ్రప్రదేశ్ చేపల మీద అస్సాం కొంతకాలం నిషేధం కూడా విధించింది. చేపల్లో ఫార్మలిన్ వాడకానికి ఆహార భద్రతా నిబంధనలు అనుమతించవు. మిగులు నష్టాన్ని ధరలో నిజాయితీగా లెక్కించని చోటే ఇలాంటి పనులకు ప్రలోభం పుడుతుంది.

తరుగు మారే కాలం

శీలావతి, బొచ్చె వంటి చేపలు వర్షాకాలంలో గుడ్లు పెట్టేవి. వానలకు ముందు నెలల్లో ఎదిగిన ఆడ చేపల పొట్ట గుడ్లతో నిండి ఉంటుంది. గుడ్లను కూడా తరుగులో పారేస్తే 82 పాళ్లు చేతికి వచ్చిన చోట 74 మాత్రమే రావచ్చు. ధర 270 దగ్గరే ఉంచితే నిండు చేప కిలోకు దుకాణదారుకు అందేది 220 కాదు, 200 రూపాయలే. గుడ్లను వేపుడు కోసం ఇష్టపడేవారు ఉన్నారు కాబట్టి వాటిని విడిగా తూచి అమ్మడం గానీ, ముక్కలతో పాటే తూచి ఇవ్వడం గానీ చేస్తే ఈ నష్టం చాలావరకు పూడుతుంది. మేత నిండిన పొట్టతో పట్టిన చేపలకు ఇలాంటి చిక్కే మరొక రూపంలో ఎదురవుతుంది. పేగుల బరువు పెరగడమే కాక చేప త్వరగా చెడుతుంది.

ఈ మార్పులను పట్టుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కరలేదు. రోజుకు నాలుగు అంకెలు చాలు: కాటా మీదకు వచ్చిన నిండు చేప, అందులో కోతకు పోయినది, కోత తర్వాత తూగినది, రాత్రికి మిగిలినది. వారానికి ఒకసారి మొత్తాలు కూడి, తరుగు రెండు మూడు పాళ్లకు మించి మారినప్పుడే ధరను సవరించాలి. టోకు ధరను మాత్రం రోజూ అనుసరించాలి. తరుగు అకస్మాత్తుగా పెరిగితే చేపను అనుమానించడానికి ముందు కాటాను, కత్తిని చూడాలి. కొత్తగా చేరిన వ్యక్తి తల వెంట మెడ కండను కూడా కోసేస్తే పాళ్లు అమాంతం పడిపోతాయి.

కొనేవారికి కూడా ఇదే లెక్క పనికివస్తుంది. ఒక దుకాణంలో నిండు చేప 220 రూపాయలు, కోత కూలి కిలోకు 20 రూపాయలు అదనం. మరో దుకాణంలో శుభ్రం చేసిన చేప 280 రూపాయలు. మొదటిది చౌక అనిపిస్తుంది. 240ని 0.82తో భాగిస్తే 293 వస్తుంది. రెండో దుకాణంలోనే కిలోకు 13 రూపాయలు తక్కువ. నిండు చేపను కొన్నప్పుడు తరుగు మార్పు భారం కొనేవారిది, శుభ్రం చేసిన చేపను కొన్నప్పుడు అది అమ్మేవారిది.

ధర ఏ బరువుకో పలక మీదే రాసి ఉంటే ఈ పోలిక సులువవుతుంది. తూకానికి సంబంధించి 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాను ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. గిన్నె లేదా బుట్ట బరువును ముందుగా సున్నా చేసిన తర్వాతే చేపను కాటా మీద ఉంచాలి. ఐసు ముక్కలతో, కారే నీటితో తూచిన చేపకు ఎంత జాగ్రత్తగా ధర కట్టినా ఆ కిలో వెయ్యి గ్రాములు కాదు.